టాలీ అయ్యింది సరే... ఫార్ములా?

తిరుపతిలో బీకాం చదువుతున్న మా చిన్నాన్న కూతురు మోడల్ పేపర్ రాసి, దిద్దిపెట్టమని నా చేతికిచ్చింది. నేను ఇంజినీరింగ్ వాణ్ని. అయినా కోడ్‌లో తప్పులు వెతికే అలవాటు ఇక్కడ బాగానే పనికొచ్చింది. లెక్క ఓ మామిడి గుజ్జు యూనిట్‌ది. మన చిత్తూరు పిల్లలకు కొత్తేం కాదు.

స్టాక్ టర్నోవర్ నిష్పత్తికి 7.5 సార్లు అని రాసింది. అమ్మకాలు 12 లక్షలు, ముగింపు స్టాక్ 1.6 లక్షలు. భాగహారం కరెక్టే, ఫార్ములానే తప్పు. స్టాక్‌ను ఖర్చు లెక్కన చూపిస్తారు, అమ్మకాల్లో లాభం కూడా కలిసి ఉంటుంది. ఆ రెంటినీ భాగిస్తే ఎలా? స్థూల లాభం అమ్మకాలపై 25 శాతం అని ఇచ్చారు కాబట్టి అమ్మిన సరుకు వ్యయం 9 లక్షలు. ప్రారంభ స్టాక్ 1.4 లక్షలు, కాబట్టి సగటు 1.5 లక్షలు. జవాబు 6 సార్లు. అదే ‘వ్యయంపై 25 శాతం’ అని ఉంటే 12 లక్షలను 1.25తో భాగించాలి, వ్యయం 9.6 లక్షలవుతుంది. ఆ ఒక్క మాట చదవకుండా చాలామంది ముందుకెళ్లిపోతారు.

(నిజం యూనిట్‌లో తోతాపురి గుజ్జు జూన్, జూలై నెలల్లోనే ఎక్కువగా తయారవుతుంది. మార్చి 31 నాటి స్టాకుల సగటు ఏడాది పొడవునా ఉన్న నిల్వను చెప్పదు. పరీక్షలో మాత్రం ఇచ్చిన అంకెలే ఆధారం.)

నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. ఆమె ఫార్ములా వరుసే రాయలేదు. అది రాసి, కూడికలో పొరబడి ఉంటే పద్ధతికైనా మార్కు వేయొచ్చు. ఒట్టి 7.5 చూసి ఏం వేస్తాం?

ఇక నగదు ప్రవాహ నివేదిక. ప్రారంభ నగదు 30 వేలు, బ్యాలెన్స్ షీట్‌లో ముగింపు నగదు 65 వేలు. ఆమెకు మొదట 95 వేలు వచ్చింది. తేడా 30 వేలు. ఇలాంటప్పుడు తేడాను సగం చేసి చూడండి. 15 వేలు వస్తుంది, డెటార్ల పెరుగుదల సరిగ్గా అంతే. డెటార్లు పెరిగారంటే డబ్బు ఇంకా చేతికి రాలేదని, కాబట్టి తీసేయాలి. ఆమె కలిపింది. గుర్తు తారుమారైతే తేడా ఆ అంకెకు రెట్టింపు వస్తుంది. అంకెను పూర్తిగా మరిచిపోతే తేడా సరిగ్గా ఆ అంకెంతే ఉంటుంది.

సరిచేశాక 65 వేలు వచ్చింది. కింద రెండు గీతలు గీసేసింది. కానీ లాభంలోంచి 8 వేలు వడ్డీ ముందే పోయింది. ఏఎస్-3 ప్రకారం ఫైనాన్స్ కంపెనీ కానప్పుడు, కట్టిన వడ్డీని నిర్వహణ విభాగంలో తిరిగి కలిపి, ఫైనాన్సింగ్‌లో తీసేయాలి. ఒకచోట కలిపి ఇంకోచోట తీస్తాం కాబట్టి మొత్తం మారదు. ఈ తప్పును టాలీ ఎప్పటికీ పట్టివ్వదు. అందుకే దిద్దేవాళ్లు చివరి అంకె చూసి టిక్కు పెట్టేయడం నాకు సమ్మతం కాదు, ప్రతి విభాగం మొత్తాన్నీ విడిగా చూడాలి.

ఆమె పేపర్లో 65 వేల కింద గీతలు అలాగే ఉన్నాయి. పైన నిర్వహణ నగదు 85 వేలను మాత్రం కొట్టేసి 93 వేలు చేసింది.