ఆ బాణం గుర్తులు తిరగేసి చూద్దాం

పారిశ్రామిక విప్లవం గురించి మన హ్యుమానిటీస్ ఎలక్టివ్‌లో ఉన్నది ఒకే ఒక్క స్లైడు. ఎడమ పక్క టైమ్‌లైన్: 1764 స్పిన్నింగ్ జెన్నీ, 1769 వాటర్ ఫ్రేమ్, అదే ఏడాది జేమ్స్ వాట్ పేటెంటు, 1785 మరమగ్గం. కుడి పక్క కారణాలు: బొగ్గు, పెట్టుబడి, కాలువలు, వలస రాజ్యాలు. అడుగున బాణాలతో ఒక వరుస: ఆవిరి యంత్రం → ఫ్యాక్టరీ → నగరం. ఐదు మార్కుల ప్రశ్నకి ఇది సరిపోతుంది. కానీ ఆ వరుస తప్పని నా వాదన. ఫ్యాక్టరీ ముందు వచ్చింది, ఆవిరి తర్వాత వచ్చింది. ఈ తేడా పట్టించుకోకపోతే మనుషుల పని ఎలా మారిందో, నగరాలు అంత ఘోరంగా ఎందుకు తయారయ్యాయో రెండూ అర్థం కావు.

మొదటి బాణంతో మొదలుపెడదాం. రిచర్డ్ ఆర్క్‌రైట్ తన నూలు మిల్లుని 1771లో కట్టడం మొదలుపెట్టింది ఇంగ్లండ్‌లోని క్రామ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో, డెర్బీషైర్ కొండల మధ్య. అక్కడ నగరం లేదు, ఆవిరి యంత్రం లేదు. ఉన్నది నీళ్లు. ఒక వాగుతో పాటు, సీసం గనుల్లోంచి నీళ్లు బయటికి పోవడానికి తవ్విన సొరంగ కాలువ ఒకటి ఉండేది. భూమి లోపలి నుంచి వచ్చే నీళ్లు కాబట్టి చలికాలంలో కూడా గడ్డకట్టేవి కావు. చక్రం ఆగేది కాదు.

చక్రం ఆగకపోవడంతోనే అసలు మార్పు మొదలైంది. అంతకు ముందు నూలు వడకడం, నేయడం ఇళ్లల్లో జరిగేవి. వ్యాపారి పత్తి ఇచ్చి వెళ్తాడు, ఇల్లంతా కలిసి పని చేస్తారు, సరుకు లెక్కన డబ్బులొస్తాయి. సోమవారం బద్ధకంగా గడిపి, శుక్రవారం రాత్రి దాకా కూర్చుని పూర్తి చేసినా అడిగేవాడు లేడు. (మన అసైన్‌మెంట్ల పద్ధతే అనుకోండి.) పని కష్టమే, రాబడి తక్కువే. గంటలు మాత్రం ఇంటివాళ్ల చేతిలో ఉండేవి.

క్రామ్‌ఫర్డ్‌లో గంటలు చక్రం చేతిలోకి వెళ్లాయి. భవనం మీద, యంత్రాల మీద డబ్బు ముందే పెట్టేశారు. నీళ్లు రాత్రీ పగలూ పారుతున్నాయి. యంత్రం ఖాళీగా ఉన్న ప్రతి గంటా యజమానికి నష్టం. అందుకే పన్నెండేసి గంటల రెండు షిఫ్టులు పెట్టారు. పొద్దున ఆరుకీ, సాయంత్రం ఆరుకీ గేటు మూసేసేవాళ్లు. ఆలస్యమైతే ఆ రోజు కూలి పోతుంది, పైగా ఇంకో రోజు కూలి జరిమానా. పనివాళ్లలో చాలామంది పిల్లలు. మనం ఫ్యాక్టరీ జీవితం అనుకునేదంతా, షిఫ్టు, గేటు, జరిమానా, అన్నీ ఆవిరి లేకుండానే వచ్చేశాయి.

మరి వాట్ యంత్రం చేసిందేంటి? 1769 నాటి పేటెంటు బొగ్గు ఆదా చేసే పద్ధతికి సంబంధించింది. ఆ యంత్రం కిందికీ పైకీ మాత్రమే కదిలేది. గనిలో నీళ్లు తోడటానికి బాగుంటుంది, నూలు మిల్లు తిప్పడానికి పనికిరాదు. పైకీ కిందికీ కదలికని గుండ్రంగా తిప్పడానికి క్రాంకు చాలు కదా అనిపిస్తుంది. ఆవిరి యంత్రానికి క్రాంకు వాడే పద్ధతి మీద అప్పటికే వేరేవాళ్ల పేటెంటు ఉంది. దాన్ని తప్పించుకోవడానికి వాట్ 1781లో సూర్యుడి చుట్టూ గ్రహం తిరిగినట్టు ఒక గేరు చుట్టూ ఇంకో గేరు తిరిగే ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. ఈ రకం యంత్రం పత్తి మిల్లులోకి వచ్చింది 1785లో, పాపుల్‌విక్ అనే ఊళ్లో. అంటే క్రామ్‌ఫర్డ్ మొదలైన పద్నాలుగేళ్లకి. ఆ తర్వాత కూడా నీటి చక్రాలు వెంటనే పోలేదు, దశాబ్దాల పాటు పోటీలో ఉన్నాయి.

ఇక రెండో బాణం. నదిని ఎత్తుకెళ్లి ఊళ్లో పెట్టలేం, బొగ్గుని పడవలో తీసుకెళ్లొచ్చు. వర్స్‌లీ గనుల నుంచి మాంచెస్టర్‌కి 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచాక అక్కడ బొగ్గు ధర దాదాపు సగానికి పడిపోయింది. అయితే బొగ్గు కొనాలి, పారే నీళ్లని కొనక్కర్లేదు. మరి మిల్లులు ఊళ్లోకి ఎందుకు వచ్చాయి? వానలు తక్కువైతే చక్రం నెమ్మదించడం, మంచి నీటి స్థలాలు అయిపోవడం కొంత కారణం. నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం మనుషులు. కొండల మధ్య మిల్లు పెట్టినవాడు పనివాళ్లని బయటి నుంచి రప్పించుకోవాలి. వాళ్లకి ఇళ్లు కట్టాలి. ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్‌లో ఒక వీధే కట్టించాడు. వాళ్లు పని మానేస్తే కొత్తవాళ్లు దొరకరు. మాంచెస్టర్‌లో ఆ బాధ లేదు. గేటు బయట పని కోసం జనం నిలబడే ఉంటారు, వాళ్లు ఎక్కడ పడుకుంటారన్నది యజమానికి సంబంధం లేని విషయం.

మరి ఎవరికి సంబంధం? చాలా కాలం ఎవరికీ కాదు. 1801లో సుమారు 75 వేలున్న మాంచెస్టర్ జనాభా 1851కి 3 లక్షలు దాటింది. ఆ ఊరికి ఎన్నికైన నగర పాలక సంస్థ వచ్చింది 1838లో. అప్పటికి ఇళ్లు కట్టేసిందంతా అద్దె కోసం కట్టేవాళ్లు. వీపుకి వీపు ఆనించినట్టు వరసలు, వెనక కిటికీ ఉండదు, మురుగు కాలువ ఉండదు. నేలమాళిగల్లో కూడా కుటుంబాలు ఉండేవి.

దీని ఫలితం ఎడ్విన్ చాడ్విక్ 1842 నివేదికలో ఉంది. మాంచెస్టర్ కూలీల కుటుంబాల్లో మరణించినవాళ్ల సగటు వయసు 17. రట్లండ్ అనే పల్లె ప్రాంతంలో కూలీలకి అది 38. మాంచెస్టర్‌లో డబ్బున్నవాళ్లకి కూడా 38 మాత్రమే. నగరంలో పెద్దమనిషి, పల్లెలో కూలీ సమానమన్నమాట.

ఈ 17ని చాలామంది తప్పుగా చదువుతారు. పదిహేడేళ్లకే అందరూ చనిపోయారని కాదు. ఊహకి ఒక లెక్క వేద్దాం. పది మందిలో ఆరుగురు రెండేళ్లకి, నలుగురు నలభై ఏళ్లకి పోయారనుకోండి. మొత్తం 172 ఏళ్లు, సగటు 17.2. ఆ పదిమందిలో పదిహేడేళ్లకి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. నిజంగా జరిగింది కూడా ఇలాంటిదే: కూలీల పిల్లల్లో సగానికి పైగా ఐదేళ్లు నిండకుండానే పోయేవాళ్లు. వేగంగా పెరిగే ఊళ్లో పిల్లలు, కుర్రవాళ్లు ఎక్కువ కాబట్టి అది కూడా సగటుని కొంత కిందికి లాగుతుంది. ఆ మేరకు తగ్గించి చదివినా పసిపిల్లల చావులు చావులే. కలుషితమైన నీళ్లు, పారని మురుగు వాళ్లనే ముందు పట్టుకుంటాయి.

అందుకే ఆ టైమ్‌లైన్ 1785 దగ్గర ఆగిపోవడం నాకు నచ్చదు. అందులో ఇంకో రెండు తేదీలు ఉండాలి. 1833లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని చాలా రకాల బట్టల మిల్లుల్లోంచి తప్పించింది, తనిఖీకి జీతం ఇచ్చి ఇన్‌స్పెక్టర్లని పెట్టింది. 1848లో వచ్చిన ప్రజారోగ్య చట్టం మురుగు, నీళ్లు ఊరి బాధ్యత అనే మాటని మొదటిసారి దేశ చట్టంలోకి తెచ్చింది. క్రామ్‌ఫర్డ్ గేటుకీ మొదటి చట్టానికీ మధ్య అరవై ఏళ్లకి పైనే గడిచాయి. యంత్రం కనిపెట్టిన తేదీ ఎంత ముఖ్యమో, దాని ఖర్చు ఎవరు భరించాలో తేల్చిన తేదీ కూడా అంతే ముఖ్యం. ఆ రెండు తేదీల మధ్య ఖాళీలో మాంచెస్టర్ నేలమాళిగల్లో పుట్టిన పిల్లలున్నారు.